తేడా 2,700, అంకెలు కూడితే 9. అయినా తారుమారైన అంకె దొరకడం లేదు

ప్యారీస్_గుమస్తా
చెన్నైలో ప్యారీస్ దగ్గర ప్లాస్టిక్ పైపుల టోకు దుకాణంలో పద్దులు రాస్తాను. చేరి ఎనిమిది నెలలైంది. మాకు సరుకు పంపే ఒక పార్టీ ఏడాది ఖాతా కాగితం పంపింది. వాళ్ల లెక్కన మేము ఇవ్వవలసిన బాకీ, మా పుస్తకాల్లో ఉన్నదానికంటే సరిగ్గా 2,700 రూపాయలు ఎక్కువ. ఏడాదికి మొత్తం 64 బిల్లులు.

మా పెద్ద గుమస్తా గారు ఆ తేడా చూసి కళ్లజోడు కూడా పెట్టుకోకుండా, "రెండూ ఏడూ కూడితే తొమ్మిది. ఎక్కడో రెండు అంకెలు అటుదిటు వేశావు, వెతుకు" అన్నారు. రాత్రి పదకొండు దాకా వెతికాను. దొరకలేదు. తొమ్మిదికీ, అంకెలు అటుదిటు కావడానికీ సంబంధం ఏమిటని అడిగితే, "నలభై ఏళ్లుగా నాకు తప్పలేదు" అన్నారు తప్ప కారణం చెప్పలేదు.

నాకు రెండు సంగతులు తెలియాలి. ఆ సంబంధం ఏమిటి? అంకెలు తారుమారు కాకుండా కూడా తేడా తొమ్మిదితో పోయేలా రావచ్చా? ఇంకో రాత్రి వెతికే ముందు తెలుసుకోవాలని అడుగుతున్నాను.

చేతిలెక్క
మీ పెద్ద గుమస్తా గారు చెప్పింది అక్షరాలా నిజం. తేడా 9తో పోయిందంటే తారుమారే, ఇంకో మాట లేదు. మా నాన్నగారి కిరాణా కొట్టులో చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. మళ్లీ నిదానంగా వెతకండి, కంటికి ఆనకుండా పోయి ఉంటుంది.

తొమ్మిది_అదృష్టం
అంకెలు కూడితే 9 రావడం చాలా మంచిదండీ. నా బండి నంబరు 4536, కూడితే 18, మళ్లీ కూడితే 9. దాని కోసం రెండు నెలలు ఆగి తీసుకున్నాను. మీకు తేడాలో 9 వచ్చిందంటే కంగారు పడవలసింది ఏమీ లేదు.

ప్యారీస్_గుమస్తా
@తొమ్మిది_అదృష్టం నాకు వచ్చింది బాకీ తేడా అండీ. అదృష్టమైనా సరే, యజమానికి లెక్క చూపించాలి.

పాత_ఆవర్జా
బ్యాంకులో 34 ఏళ్లు పనిచేసి పెరంబూరులో విశ్రాంతిగా ఉన్నాను. కంప్యూటర్లు రాకముందు రాత్రిళ్లు ఆవర్జాలు సరిచూసిన చేతులివి. ఒక ఉదాహరణతో చెబుతాను.

బిల్లు 18,520 అనుకోండి. మీరు 15,820 అని రాశారు. 8 వేల స్థానంలో ఉన్నప్పుడు దాని విలువ 8,000. వందల స్థానంలోకి దిగేసరికి 800 అయింది, అంటే 7,200 పోయింది. 5 వందల స్థానం నుంచి వేల స్థానంలోకి ఎక్కింది. 500 కాస్తా 5,000 అయింది, అంటే 4,500 వచ్చింది. పోయినదాంట్లో వచ్చింది తీసేస్తే నికరంగా 2,700 తక్కువ.

ఇప్పుడు ఆ సంఖ్యలు చూడండి. 7,200 అంటే ఎనిమిది తొమ్మిదివందలు. 4,500 అంటే అయిదు తొమ్మిదివందలు. వేల నుంచి వందలకు దిగిన ప్రతి ఒక్కటీ 900 పోగొడుతుంది, ఎక్కిన ప్రతి ఒక్కటీ 900 తెస్తుంది. కాబట్టి తేడా ఎప్పుడూ 900కు గుణిజమే. అదే పదులకూ ఒకట్లకూ మధ్య జరిగితే 9కి గుణిజం, వందలకూ పదులకూ మధ్య జరిగితే 90కి గుణిజం. మీ పెద్దాయన ఒక్క చూపులో పట్టుకున్నది దీన్నే.

ఇంకొంచెం ముందుకు వెళ్లవచ్చు. 2,700ను 900తో భాగిస్తే 3. అంటే అటుదిటైన రెండు అంకెల మధ్య తేడా 3. మీ పుస్తకంలో తక్కువ ఉంది కాబట్టి మీరు వేల స్థానంలో చిన్న అంకె, వందల స్థానంలో దానికంటే 3 ఎక్కువ ఉన్న అంకె వేసి ఉండాలి. 03, 14, 25, 36, 47, 58, 69. ఈ ఏడు జతల్లో ఒకటి ఉన్న పద్దులు మాత్రమే చూడండి. 64 బిల్లులూ తిరగేయనక్కరలేదు, నాలుగో అయిదో తేలుతాయి.

ప్యారీస్_గుమస్తా
@పాత_ఆవర్జా కారణం ఇప్పుడు అర్థమైంది. జతల ఉపాయం నాకు ఎవరూ చెప్పలేదు. నిన్న రాత్రి 64 బిల్లులూ ఒక్కొక్క అంకె చొప్పున చూశాను. రేపు పొద్దున్న దుకాణం తెరవగానే ఇలా చూస్తాను.

సుమతి_వైట్‌ఫీల్డ్
ఇక్కడే నా ప్రశ్న కూడా అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. బెంగళూరులో మా అమ్మాయి ఆరో తరగతి. అంకెలు కూడి 3తో పోతే సంఖ్య 3తో పోతుంది, 9తో పోతే 9తో పోతుంది అని బడిలో చెప్పారు. పరీక్షలో 25 గురించి "2, 5 కూడితే 7, కాబట్టి 7తో పోతుంది" అని రాసి మార్కు పోగొట్టుకుంది. తప్పేనని తనకూ తెలుసు, మూడేడులు ఇరవై ఒకటి, నాలుగేడులు ఇరవై ఎనిమిది అని చెబుతోంది. "మూడుకీ తొమ్మిదికీ పనిచేసేది ఏడుకి ఎందుకు పనిచేయదు" అన్నదే దాని బాధ. బడిలో అడిగితే అది నియమం, నేర్చుకో అన్నారట. నాకూ చెప్పడం రాలేదు.

లెక్కల_మేష్టారు
@సుమతి_వైట్‌ఫీల్డ్ మీ అమ్మాయి అడిగిన ప్రశ్నకు మార్కు వేయాలి. నేనూ బెంగళూరులోనే పిల్లలకు లెక్కలు చెబుతాను. దీన్ని నోట్లతో చూపిస్తాను. బల్ల మీద నిజం నోట్లు పెట్టండి, ఆటనోట్లయినా సరే.

738 తీసుకుందాం. ఏడు వంద నోట్లు, మూడు పది నోట్లు, ఎనిమిది రూపాయి బిళ్లలు. తొమ్మిది మందికి సమానంగా పంచాలి. ఒక వంద నోటు చేతిలోకి తీసుకుని చిల్లర మార్చితే, తలా పదకొండు చొప్పున 99 పంచవచ్చు, ఒక్క రూపాయి మిగులుతుంది. ఏడు వంద నోట్లకు ఏడు రూపాయలు మిగులుతాయి. పది నోటు మార్చితే తలా ఒకటి చొప్పున 9 పోయి ఒకటి మిగులుతుంది. మూడు పది నోట్లకు మూడు. బిళ్లలు ఎనిమిది ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. బల్ల మీద మిగిలినవి ఏడూ మూడూ ఎనిమిదీ, మొత్తం పద్దెనిమిది. అది తొమ్మిది మందికి తలా రెండు. అయిపోయింది.

మిగిలిన రూపాయలను లెక్కపెట్టడమే అంకెలు కూడడం. వెయ్యి నోటు ఉన్నా 999 పంచి ఒకటే మిగులుతుంది, ఎంత పెద్ద నోటైనా అంతే. 9, 99, 999 మూడుతో కూడా పోతాయి కాబట్టి ముగ్గురికి పంచినా ఇదే కథ.

ఇప్పుడు ఏడుగురిని కూర్చోబెట్టండి. పది నోటు మార్చితే 7 పోయి మూడు మిగులుతాయి. వంద నోటు మార్చితే 98 పోయి రెండు మిగులుతాయి. ఒక్కొక్క నోటుకు ఒక్కొక్క తీరులో మిగులుతోంది. కాబట్టి ఊరికే కూడితే కుదరదు. 25లో రెండు పది నోట్లకు ఆరు, బిళ్లలు అయిదు, మొత్తం పదకొండు. ఏడుగురికి తలా ఒకటి ఇస్తే నాలుగు మిగులుతాయి. 25లో ఏడుతో శేషం కూడా నాలుగే.

ఇంకొక సంగతి కూడా అమ్మాయికి చెప్పండి. 2, 5 కూడితే వచ్చిన ఏడు వృథా కాదు. 25ను తొమ్మిదితో భాగిస్తే వచ్చే శేషం అదే. తను వేసిన లెక్క సరైనదే, అది తొమ్మిది గురించి చెప్పింది, ఏడు గురించి కాదు.

చేతిలెక్క
@లెక్కల_మేష్టారు నోట్ల లెక్క బాగుంది. దీన్నే ఇంకా పెంచవచ్చు. 3కి పనిచేసింది, 3×3కి పనిచేసింది, కాబట్టి 3×3×3 అంటే 27కి కూడా పనిచేస్తుంది. అంకెల మొత్తం 27తో పోతే సంఖ్య 27తో పోతుంది. 999 చూడండి, మొత్తం 27. 27×37 సరిగ్గా 999.

లెక్కల_మేష్టారు
@చేతిలెక్క 1899 చూడండి. అంకెల మొత్తం 27. కానీ 27×70 అంటే 1890, ఇంకా తొమ్మిది మిగిలింది. పది నోటు 27 మందికి పంచితే పదికి పదీ మిగిలిపోతాయి, ఒకటి కాదు. నోటుకు ఒకటి చొప్పున మిగలకపోతే అంకెలు కూడడం చెల్లదు. అయితే మీ 999 ఒక దారి చూపిస్తోంది. వెయ్యి నోటు 27 మందికి పంచితే ఒక్కటే మిగులుతుంది. కాబట్టి మూడేసి అంకెల గుంపులు చేసి కూడితే 27కి పనిచేస్తుంది. 1899ని 1, 899గా చేసి కూడితే 900. అది 27తో పోదు, 1899 కూడా పోదు.

చేతిలెక్క
1899 కాగితం మీద వేసి చూశాను, మీరన్నదే నిజం. 27 మాట వెనక్కి తీసుకుంటున్నాను. తారుమారు మాట మాత్రం తీసుకోను.

సుమతి_వైట్‌ఫీల్డ్
మేష్టారూ, భోజనాల బల్ల మీద పప్పు గిన్నె పక్కకు జరిపి నోట్లు పరిచాం. ఏడుగురి దగ్గరికి వచ్చేసరికి తనే "అమ్మా, పదికి మూడు మిగిలాయి, వందకి రెండు మిగిలాయి, ఇవి కలవవు" అని అరిచింది. తరవాత నలుగురికి పంచి చూసింది. వంద నోటుకు ఏమీ మిగలదు, పది నోటుకు రెండు మిగులుతాయి. "అందుకేనా నాలుగుకి చివరి రెండు అంకెలే చూడమన్నారు" అని అడిగింది. నేను చెప్పకుండానే అంత దూరం వెళ్లింది.

కోడ్_రాసేవాడు
ఇదంతా వినడానికి బాగుంది కానీ, ఫోనులో భాగహారం క్షణంలో అయిపోయే రోజుల్లో అంకెలు కూడడం దేనికి? గుమస్తా గారి పనికి మాత్రం ఇది వాడవచ్చు. పక్కపక్క అంకెలను మార్చి, సరిగ్గా అంత తేడా వచ్చే పద్దులను చూపిస్తుంది.

```python
def swaps(n, diff):
    s = str(n)
    for i in range(len(s) - 1):
        t = s[:i] + s[i+1] + s[i] + s[i+2:]
        if int(t) - n == diff:
            print(n, t)
```

`swaps(15820, 2700)` అని ఇస్తే `15820 18520` అని వస్తుంది. మీ 64 మొత్తాలనూ ఒక్కొక్కటిగా ఇవ్వండి.

పాత_ఆవర్జా
@కోడ్_రాసేవాడు ఫోను భాగహారం చేస్తుంది, సరే. తేడా చూడగానే దేని కోసం వెతకాలో ఫోను చెప్పదు. మీరు ఆ కోడ్ రాయగలిగింది కూడా తారుమారు సంగతి ఈ పెద్దాయన ముందే చెప్పడం వల్లనే.

కోడ్_రాసేవాడు
ఆ మాట నిజమే. పిల్లలకు ఆరో తరగతిలోనే ఇది కావాలా అన్నది మాత్రం నాకు ఇంకా సందేహమే.

ప్యారీస్_గుమస్తా
పొద్దున్నే చూశాను. కోడ్ కూడా మా తమ్ముడి చేత నడిపించాను. రెండు దారుల్లోనూ అవే అయిదు పద్దులు తేలాయి. అయిదు బిల్లులూ కట్టలోంచి తీసి పక్కన పెట్టుకుని చూశాను. అయిదూ సరిగ్గానే ఉన్నాయి. తారుమారు లేదు.

చేతిలెక్క
బిల్లు మీద అంకె మసకగా ఉండి తప్పు చదివి ఉంటారు. ఇంకోసారి చూడండి.

ప్యారీస్_గుమస్తా
@చేతిలెక్క అన్నీ కంప్యూటర్‌లో అచ్చు వేసిన బిల్లులే అండీ. మసక లేదు.

లెక్కల_మేష్టారు
@ప్యారీస్_గుమస్తా మీ రెండో ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు, ఇప్పుడు దాని అవసరం వచ్చింది.

అంకెలను ఎలా తారుమారు చేసినా వాటి మొత్తం మారదు. 18,520కీ 15,820కీ అంకెల మొత్తం 16. అంకెల మొత్తం ఒకటైతే తొమ్మిదితో శేషం ఒకటే. శేషాలు సమానమైన రెండు సంఖ్యల్లో ఒకదాంట్లోంచి ఇంకొకటి తీస్తే శేషం రద్దయిపోతుంది, తేడా తొమ్మిదితో పోతుంది. తారుమారైతే తొమ్మిదితో పోయి తీరుతుందనేది ఇంతవరకు ఖాయం.

కానీ తిరగేసి చెప్పకూడదు. తొమ్మిదితో పోయింది కాబట్టి తారుమారే అనడానికి లేదు. ఏ కారణమూ లేకుండా ఎవరో ఒక సంఖ్య చెప్పినా, తొమ్మిదింటిలో ఒకటి తొమ్మిదితో పోతుంది. వాన పడితే వీధి తడుస్తుంది, వీధి తడిసిందంటే వాన పడిందని కాదు, నీళ్ల లారీ వెళ్లి ఉండవచ్చు.

పాత_ఆవర్జా
మేష్టారు చెప్పింది ఒప్పుకుంటాను. మా రోజుల్లో తారుమారు దొరకకపోతే మరో రెండు చోట్ల చూసేవాళ్లం.

ఒకటి, సున్నా జారడం. 2,700ను 9తో భాగిస్తే 300. 3,000 బిల్లును 300 అని రాసినా తేడా 2,700 వస్తుంది. పది రెట్లలోంచి ఒక రెట్టు పోతే మిగిలేది తొమ్మిది రెట్లు, అందుకని ఇదీ తొమ్మిదితోనే పోతుంది. 3,000 బిల్లు ఏదైనా ఉందా చూడండి.

రెండు, తేడాలో సగం. 1,350 బిల్లును జమ వైపు వేయడానికి బదులు ఖర్చు వైపు వేస్తే, లేదా సరుకు వాపసుగా రాస్తే, రెండింతలు తేడా వస్తుంది. దీనికి తొమ్మిదితో పని లేదు, కానీ 2,700 సరిసంఖ్య కాబట్టి ఆ అవకాశమూ ఉంది.

ప్యారీస్_గుమస్తా
3,000 బిల్లు లేదు, 300 పద్దు లేదు. 1,350 కూడా లేదు. వాపసు పద్దులు రెండే ఉన్నాయి, రెండూ సరైనవే.

పెద్ద గుమస్తా గారికి మేష్టారి మాట చెప్పాను. "నీళ్ల లారీయో వానో, వీధి తడిసింది కదా, వెతుకు" అన్నారు.

తొమ్మిది_అదృష్టం
4536ను కూడా 9తో భాగించి చూశాను, 504 వచ్చింది, శేషం లేదు. 504 అంకెలు కూడితే మళ్లీ 9. బండి తీసుకున్నప్పుడు ఈ సంగతి తెలియదు.

సుమతి_వైట్‌ఫీల్డ్
@తొమ్మిది_అదృష్టం మీ బండి నంబరు మా అమ్మాయి నోట్లతో పంచి చూసింది. ఏడుగురికి కూడా సరిగ్గా పోతోందట. 7×648.

పాత_ఆవర్జా
గుమస్తా గారు వెతికేలోగా ఒక పాత సంగతి. మా ఊరి బడిలో గుణకారం చేయగానే తొమ్మిదులు తీసేసి సరిచూడమనేవారు. రెండవ ఆర్యభటుడు పదో శతాబ్దంలోనే లెక్కలను ఇలా సరిచూడమని రాశాడు. 347ను 58తో గుణిస్తే 20,126. 347 అంకెలు కూడితే 14, మళ్లీ 5. 58కి 13, మళ్లీ 4. అయిదు నాలుగులు ఇరవై, మళ్లీ 2. జవాబు 20,126 అంకెలు కూడితే 11, మళ్లీ 2. సరిపోయింది.

లెక్కల_మేష్టారు
@పాత_ఆవర్జా ఆ పద్ధతికి ఉన్న లోపం ఈ చర్చకే చెందుతుంది. జవాబును 20,216 అని రాసినా మొత్తం 11, మళ్లీ 2. సరిపోయిందనే చెబుతుంది. తారుమారు తప్పును ఆ పద్ధతి ఎప్పటికీ పట్టుకోలేదు, ఎందుకంటే అంకెల మొత్తం మారలేదు. 0 బదులు 9 పడినా పట్టుకోదు. తేడాను చూసినప్పుడు తారుమారును పట్టించేది ఏదో, జవాబును సరిచూసేటప్పుడు తారుమారును దాచేదీ అదే. పిల్లలకు ఒకటి చెప్పి రెండోది చెప్పకపోతే తప్పుడు జవాబుకు కూడా సరైన గుర్తు పెట్టుకుంటారు.

పాత_ఆవర్జా
అవును. మా క్యాషియరు ఒకాయన ఇలాగే మోసపోయాడు. తొమ్మిదులు తీస్తే కలిసింది కదా అని సంతకం పెట్టేశాడు, తెల్లారి 90 రూపాయలు తక్కువ.

ఆర్టికల్_అమ్మాయి
ఆలస్యంగా చూశాను. చెన్నైలో ఒక ఆడిటరు గారి దగ్గర శిక్షణలో ఉన్నాను. @ప్యారీస్_గుమస్తా, మీ పార్టీ తమిళనాడులోనే ఉందా? పైపుల మీద జీఎస్‌టీ 18 శాతం కదా?

ప్యారీస్_గుమస్తా
@ఆర్టికల్_అమ్మాయి అవునండీ, అంబత్తూరు. 18 శాతమే, కేంద్రానికి 9, రాష్ట్రానికి 9.

ఆర్టికల్_అమ్మాయి
అయితే మీ తొమ్మిది అక్కడి నుంచి వచ్చి ఉండవచ్చు. సరుకు విలువ 30,000 ఉన్న బిల్లు ఏదైనా ఉందేమో చూడండి. దాని మీద 9 శాతం అంటే సరిగ్గా 2,700. రెండు పన్నుల్లో ఒక వరుస వేయడం మరచిపోతే పార్టీకి 35,400 జమ కావలసిన చోట 32,700 జమ అవుతుంది. మీ సాఫ్ట్‌వేర్ దీన్ని తప్పుగా చూపించదు. పన్ను వైపూ పార్టీ వైపూ రెండు చోట్లా అంతే తగ్గింది కాబట్టి జమా ఖర్చూ కలిసిపోతాయి. పార్టీ కాగితంతో పోల్చినప్పుడే బయటపడుతుంది.

ఇలాంటి తేడాలు మా దగ్గరికి వారానికి ఒకటైనా వస్తాయి. సరుకు విలువ పైసలు లేకుండా ఉంటే, దాని మీద 9 శాతం పన్నును పైసల్లో రాస్తే, అది ఆ విలువకు తొమ్మిది రెట్లే. ఉదాహరణకు 30,450 మీద పన్ను 2,740.50. పైసలతో సహా అంకెలు కూడండి, రెండూ ఏడూ నాలుగూ సున్నా అయిదూ సున్నా, 18. కాబట్టి పన్ను వరుస ఒకటి పోయినప్పుడల్లా తేడా తొమ్మిదితో పోతుంది, తారుమారు లాగానే కనిపిస్తుంది.

లెక్కల_మేష్టారు
@ఆర్టికల్_అమ్మాయి ఇది నాకు తట్టనే లేదు. నేను తొమ్మిదింటిలో ఒకటి అన్నాను, కానీ తేడాలు ఊరికే పుట్టవు, పన్ను నుంచి పుడతాయి. ఆ పన్నే తొమ్మిది శాతం అయినప్పుడు నా అంచనా ఇక్కడ వర్తించదు. సరుకు విలువలో పైసలు ఉంటే మాత్రం మీ పరీక్ష చెడుతుంది కదా? 1,234.56 మీద 9 శాతం 111.1104, దాన్ని 111.11కి సరిచేస్తారు. అంకెలు కూడితే 5.

ఆర్టికల్_అమ్మాయి
@లెక్కల_మేష్టారు చెడుతుంది. అందుకే పైసలు లేని విలువలకే అన్నాను. 5 శాతం పన్ను ఉన్న సరుకుకు కూడా పనికిరాదు, అక్కడ చెరి రెండున్నర శాతం.

చేతిలెక్క
మా నాన్నగారి రోజుల్లో ఈ పన్ను లేదు. అందుకే ఆయనకు తొమ్మిదంటే తారుమారే అయి ఉంటుంది. ముందు బిల్లు దొరకనివ్వండి, అప్పుడు ఒప్పుకుంటాను.

ప్యారీస్_గుమస్తా
దొరికింది.

30,000 విలువ బిల్లులు రెండు ఉన్నాయి. మొదటిది సరిగ్గా ఉంది. రెండోది డిసెంబరులో వచ్చింది, నా పద్దులో 32,700 అని ఉంది. బిల్లు మీద 35,400. కేంద్రం వరుస ఉంది, రాష్ట్రం వరుస లేదు. రెండు అంకెలూ ఒకటే కావడంతో, 2,700 ఒకసారి వేసి రెండోది కూడా వేసేశాననుకున్నాను. మొదటి రాత్రి ఈ బిల్లును కూడా చూశాను. 32,700లో అంకెలు ఎక్కడ మారాయా అని చూశాను కానీ, బిల్లులో చివర ఉన్న మొత్తం వేరని గమనించలేదు. పైన ఉన్న 30,000తో పోల్చి, అది సరిగ్గా ఉందని కట్టలో పెట్టేశాను.

పాత_ఆవర్జా
వెతికేది ముందే అనుకుని చూస్తే అంతే. తారుమారు కోసం చూసిన కంటికి లేని వరుస కనిపించదు. నేను ఇచ్చిన ఏడు జతల్లో 27 లేదు కాబట్టి ఆ పద్దును రెండోసారి కూడా మీరు దాటేసి ఉంటారు. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

ఆర్టికల్_అమ్మాయి
@ప్యారీస్_గుమస్తా ఇంకో పని మిగిలింది. పద్దులో ఆ వరుస లేకపోతే, ఆ 2,700 పన్నును మీరు తిరిగి తీసుకుని ఉండకపోవచ్చు. డిసెంబరు నెల జీఎస్‌టీఆర్ 2బిలో, అంటే అమ్మినవాళ్లు ప్రభుత్వానికి చూపిన బిల్లుల పట్టీలో, ఆ బిల్లు రెండు పన్నులతోనూ కనిపిస్తుంది, మీరు వేసిన రిటర్నుతో పోల్చండి. తీసుకోకపోతే, ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దాకా గడువు ఉంది. ఈలోగా వార్షిక రిటర్ను వేసేస్తే ఆ గడువు కూడా ఉండదు, కాబట్టి ముందు ఇది చూడమని మీ ఆడిటరు గారికి చెప్పండి.

ప్యారీస్_గుమస్తా
@ఆర్టికల్_అమ్మాయి రిటర్ను తీసి చూశాను. తీసుకోలేదు. యజమానికి చెప్పాను. తేడా కంటే ఈ సంగతికే ఆయన ఎక్కువ ఉలిక్కిపడ్డారు. ఆడిటరు గారికి ఇప్పుడే ఫోను చేశారు.

చేతిలెక్క
ఒప్పుకున్నాను. తొమ్మిదితో పోతే ముందు తారుమారు, తరవాత సున్నా, తరవాత పన్ను చూడాలి.

ఆర్టికల్_అమ్మాయి
@చేతిలెక్క నేనైతే పన్ను ముందు చూస్తాను. తేడాను 9తో భాగించి, వందతో గుణించి, ఆ విలువ ఉన్న బిల్లు ఉందేమో చూడడానికి ఒక్క నిమిషం చాలు.

పాత_ఆవర్జా
చేత్తో రాసే చోట తారుమారే ముందు. మన ఇద్దరి పద్దులూ వేరు.

సుమతి_వైట్‌ఫీల్డ్
మేష్టారూ, మా అమ్మాయి ఇప్పుడు పదకొండు మందిని కూర్చోబెట్టింది. వంద నోటుకు ఒకటి మిగులుతోంది. పది నోటు దగ్గర ఆగిపోయింది, పదికి పదీ మిగిలిపోతున్నాయి, తలా ఒకటి ఇవ్వాలంటే ఒక రూపాయి తక్కువ పడుతోంది అంటోంది.

లెక్కల_మేష్టారు
ఆ తక్కువ పడిన రూపాయిని అప్పుగా రాసుకోమనండి. మిగిలింది ఏమీ చెప్పకండి.

ప్యారీస్_గుమస్తా
పద్దు సరిచేశాను, పార్టీ కాగితంతో పైసా తేడా లేకుండా కలిసింది. పెద్ద గుమస్తా గారికి 30,000 బిల్లు చూపించి, పైసలు లేని విలువ మీద పన్ను వరుస ఏది పోయినా తేడా తొమ్మిదితోనే పోతుందని చెప్పాను. ఆయన ఈసారి కళ్లజోడు పెట్టుకుని, బిల్లు కట్టలోంచి ఇంకో నాలుగు తీసి, పన్ను వరుసల అంకెలు కూడి చూసుకున్నారు. నాలుగోది 1,107.45. కూడితే 18. ఏమీ అనకుండా కట్ట తిరిగి ఇచ్చేశారు.